పని చేతిలో ఉంది, పేరు ప్రొఫైల్‌లో లేదు: ఒక డిమాండ్ ప్లానర్ కేసు

ఇది ఆవిడ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. కంపెనీ, ఊరు, సరుకు ఏదీ చెప్పను, గుర్తుపట్టగలిగే వివరాలు కొన్ని కావాలనే మార్చాను. నేను కొన్నేళ్లు రిక్రూటర్‌గా చేసి, ఇప్పుడు ఉద్యోగం మారాలనుకునేవాళ్లకి లింక్డిన్ ప్రొఫైళ్లు సరిచేసి పెడుతున్నాను. కీవర్డ్స్ అనగానే అందరూ అడిగేది ఒకటే, ఎన్ని పెట్టాలి అని. ఈ కేసులో మాత్రం ఎక్కువ టైమ్ పట్టింది ఏవి తీసేయాలో తేల్చుకోవడానికే. అందుకే దీన్ని ఎంచుకున్నాను.

నేపథ్యం

ఆవిడకి ఎనిమిదేళ్ల పైచిలుకు అనుభవం. ఇంట్లో రోజూ వాడే వస్తువులు తయారుచేసే ఓ పెద్ద కంపెనీ. రాబోయే నెలల్లో ఏ సరుకు ఏ ప్రాంతంలో ఎంత పోతుందో ముందే లెక్కకట్టడం ఆమె పని. పాత అమ్మకాలు తీసి, సీజన్‌నీ ఆఫర్లనీ కలిపి ఒక అంచనా వేస్తుంది, సేల్స్ వాళ్లు చెప్పే అంకెతో దాన్ని పోల్చి చూస్తుంది, తేడా ఎందుకొచ్చిందో వాళ్లతో కూర్చుని వాదిస్తుంది, చివరికి నెలవారీ మీటింగ్‌లో అందరూ ఒప్పుకున్న అంకెని ఫ్యాక్టరీ వైపు పంపిస్తుంది. బయట ఈ పనికి డిమాండ్ ప్లానింగ్ అని పేరు, ఆ మీటింగ్‌ని సేల్స్ అండ్ ఆపరేషన్స్ ప్లానింగ్, పొట్టిగా ఎస్ అండ్ ఓపీ అంటారు. ఆమె వాడే సాఫ్ట్‌వేర్ ఎస్‌ఏపీ ఏపీఓ, అందులో డిమాండ్ ప్లానింగ్ భాగం.

అయితే కంపెనీ ఆమెకిచ్చిన హోదా బిజినెస్ ఎక్సలెన్స్ అసోసియేట్ - 2. లోపల అందరికీ తెలుసు దాని అర్థం ఏంటో. బయట ఒక్కరికీ తెలియదు.

వచ్చిన సమస్య

"ఎనిమిదేళ్లు చేశానండీ, ఒక్క రిక్రూటర్ కూడా మెసేజ్ పెట్టడు, నా అనుభవానికి విలువ లేదేమో" అంటూ మొదలుపెట్టింది. ఇలాంటప్పుడు నేను ముందు ఒక ప్రశ్న అడుగుతాను: మీరే స్వయంగా అప్లై చేసిన చోట ఏం జరుగుతోంది? ఆవిడ అప్లై చేసినవి కొన్నే అయినా, అందులో మంచి భాగం ఇంటర్వ్యూ దాకా వెళ్లాయి. దాంతో సగం చిక్కు వీడిపోయింది. రెజ్యూమె చేతికిస్తే చదివి పిలుస్తున్నారంటే అనుభవంలో లోటు లేదు. చేతికివ్వకపోతే దొరకడం లేదు, అంతే. అప్లై చేసినా పిలుపు రాకపోయి ఉంటే నేను కీవర్డ్స్ జోలికే వెళ్లేవాణ్ణి కాదు, ముందు ఆమె పని వివరణే మార్చాల్సి వచ్చేది.

ఆమె లింక్డిన్ సమ్మరీ ఇంగ్లిష్‌లో ఉంది. తెలుగులో చెప్పాలంటే దాదాపు ఇలా: ఫలితాల మీద దృష్టి ఉన్న, ఉత్సాహవంతురాలైన ప్రొఫెషనల్‌ని, వేర్వేరు టీములతో కలిసి పనిచేస్తూ వ్యాపారానికి విలువ చేకూరుస్తాను, కొత్తవి నేర్చుకోవడం అంటే ఇష్టం. ఈ వాక్యాల్లో ఆమె పని పేరు ఎక్కడా లేదు. ఒక బ్యాంకు ఉద్యోగి కూడా ఇదే పెట్టుకోవచ్చు, ఒక టీచర్ కూడా.

కింద మాత్రం ఒక పొడవాటి గుట్ట ఉంది. ఎవరో సలహా ఇచ్చారట, కీవర్డ్స్ ఎన్నుంటే అంత మంచిదని. దాంతో సప్లై ఛైన్, లాజిస్టిక్స్, ప్రొక్యూర్‌మెంట్, వేర్‌హౌస్, ఎస్‌ఏపీ, ఇన్వెంటరీ, లీడర్‌షిప్, ఎంఎస్ ఆఫీస్ అంటూ ముప్పై నలభై మాటలు కామాలతో అతికించింది. అప్పటి నుంచి, ఎన్ని సెర్చ్‌లలో కనిపించిందో లింక్డిన్ వారం వారం చెప్పే Search appearances అంకె పెరిగిందట. ఫోన్లూ కొన్ని వచ్చాయి. ఒకరు ఎస్‌ఏపీ కన్సల్టెంట్ కావాలన్నారు, ఎన్ని ఇంప్లిమెంటేషన్లు చేశారని అడిగారు. ఇంకొకరికి గోడౌన్ షిఫ్ట్ మేనేజర్ కావాలి. అంకె పెరిగినా పని జరగలేదంటే, వెతికేవాళ్లకి ఆమె కనిపిస్తోంది కానీ వెతకాల్సినవాళ్లకి కనిపించడం లేదన్నమాట.

రిక్రూటర్ అసలు ఏం టైప్ చేస్తాడు

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే తర్వాత తీసుకున్న ప్రతి నిర్ణయం దీని మీదే నిలబడింది. రిక్రూటర్‌కి మేనేజర్ నుంచి ఒక జాబ్ డిస్క్రిప్షన్ వస్తుంది. చాలామందికి ఆ పని లోతుగా తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. అందులోంచి మూడు నాలుగు గట్టి మాటలు తీసి, వాటికి మారుపేర్లు కలిపి, ఒక సెర్చ్ కడతారు. డిమాండ్ ప్లానర్ కోసం కట్టేది ఇంచుమించు ఇలా ఉంటుంది:

```
("demand planner" OR "demand planning")
AND ("S&OP" OR "sales and operations planning")
AND (APO OR IBP)
NOT (warehouse OR intern)
```

కోట్స్‌లో ఉన్న మాటలు అదే వరుసలో పక్కపక్కనే ఉండాలి. డిమాండ్‌ని అంచనా వేసి ప్లాన్ చేస్తాను అని ఎంత అందంగా రాసినా మొదటి వరుసకి అది దొరకదు. స్టార్ గుర్తు పెట్టి మాట సగమే టైప్ చేసే సదుపాయం లింక్డిన్‌లో లేదు, కాబట్టి రిక్రూటర్ తనకి తోచిన రూపాలు మాత్రమే రాస్తాడు. తోచనివి పోయినట్టే.

ఎక్కువమంది చూడనిది ఆఖరి వరుస. గోడౌన్ ఉద్యోగులు, ఇంటర్న్‌షిప్ చేస్తున్న పిల్లలు లిస్టులో అడ్డు రాకుండా తీసేయడానికి రిక్రూటర్లు ఆ వరుస పెడతారు. ఆవిడ ప్రొఫైల్‌లో వేర్‌హౌస్ అనే మాట ఆ కామాల గుట్టలో ఉంది. ఇంకో చోట, ఏటా ఇంటర్న్స్‌కి ట్రైనింగ్ ఇస్తానని గర్వంగా రాసుకుంది. ఇంగ్లిష్‌లో అది mentored an intern every year. వాక్యం అర్థం సెర్చ్‌కి పట్టదు. intern అనే మాట ఉందా, తీసెయ్. సరైన ఉద్యోగం కోసం సరిగ్గా కట్టిన సెర్చ్‌లోంచి ఆమెని బయటికి నెట్టింది ఆమె మంచితనం గురించి రాసుకున్న వాక్యమే. దాన్ని new joiners కి ట్రైనింగ్ ఇస్తానని మార్చాం, అర్థం పోలేదు.

మాటలు ఎంచుకోవడం

ముందు ఆవిడతో ఒక పని చేయించాను. ఆమె చేయగలిగిన, చేయాలనుకున్న ఉద్యోగాల ప్రకటనలు ఓ ఇరవై దాకా, వేర్వేరు కంపెనీలవి, ఒకే స్థాయివి తెచ్చుకోమన్నాను. ఒకే కంపెనీవి తెస్తే ఆ కంపెనీ సొంత మాటలే మనకి అంటుకుంటాయి, మళ్లీ బిజినెస్ ఎక్సలెన్స్ లాంటి తంటానే. ప్రతి ప్రకటనలో హెడ్డింగ్‌లోనూ, అర్హతల్లోనూ, రెండు చోట్లా కనిపించే మాటల కింద గీత పెట్టమన్నాను. హెడ్డింగ్‌లో ఒక్కసారే ఉన్నది అలంకారం కావచ్చు, అర్హతల చివర ఒక్కసారే ఉన్నది ఎవరో ఎప్పుడో చేర్చి వదిలేసింది కావచ్చు. రెండు చోట్లా ఉందంటే మేనేజర్ దాన్ని రిక్రూటర్‌కి నోటితో కూడా చెప్పి ఉంటాడు.

అలా మిగిలినవి చాలా తక్కువ. పని పేర్లు రెండు మూడు, ప్రాసెస్ పేరు ఒకటి, టూల్స్ రెండు, రంగం పేరు ఒకటి. ఒక్కో దాని దగ్గరా కాస్త తగువు పడ్డాం.

డిమాండ్ ప్లానర్, డిమాండ్ ప్లానింగ్, ఫోర్‌కాస్టింగ్. వీటి గురించి వాదన లేదు. ప్లానర్ మనిషి పేరు, ప్లానింగ్ పని పేరు, రిక్రూటర్ ఏది టైప్ చేస్తాడో తెలియదు కాబట్టి సమ్మరీలో రెండూ ఉండాలి.

ఎస్ అండ్ ఓపీ దగ్గర పొట్టి రూపం, పూర్తి రూపం రెండూ రాశాం, ఒక వాక్యంలో అది, ఇంకో వాక్యంలో ఇది. ఆవిడ స్నేహితురాలు మధ్యలో గుర్తు లేకుండా SOP అని కూడా పెట్టమందట, కొన్ని సెర్చ్‌లు ఆ గుర్తుని సరిగ్గా పట్టించుకోవని. ఆ అనుమానం న్యాయమైనదే. కానీ SOP అంటే పని పద్ధతి రాసిపెట్టుకునే కాగితం అని ప్రపంచమంతా అనుకుంటుంది. క్వాలిటీ వాళ్లు, ల్యాబ్ వాళ్లు అదే మాటతో వెతుకుతారు. పూర్తి రూపం రాశాక ఆ గుర్తు సమస్య ఎలాగూ తీరిపోయింది కాబట్టి SOP వద్దన్నాను.

రంగం పేరు చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. ఆమె రంగాన్ని కొందరు ఎఫ్‌ఎంసీజీ అంటారు, అమెరికా కంపెనీల వాళ్లు సీపీజీ అంటారు, మరికొందరు కన్స్యూమర్ గూడ్స్ అని ఊరుకుంటారు. మూడూ ఒకటే. ఆవిడ మొదటిది మాత్రమే రాసింది, ఎందుకంటే తన ఆఫీసులో అదే వాడతారు. మిగతా రెండూ కూడా ఎక్కడో ఒక చోట సహజంగా వచ్చేట్టు చేశాం.

సప్లై ప్లానింగ్ దగ్గర చాలాసేపు పట్టింది. ప్రకటనల్లో చాలా చోట్ల డిమాండ్ అండ్ సప్లై ప్లానర్ అని కలిపి ఉంది. "ఆ టీమ్‌తో రోజూ మాట్లాడతాను కదండీ, పెడితే తప్పేంటి?" అంది. తప్పేమీ లేదు. అయితే నేను ప్రతి మాటకీ ఒకే పరీక్ష పెడతాను: ఈ మాట పట్టుకుని ఎవరైనా ఫోన్ చేస్తే, పది నిమిషాలు ఆ పని గురించి మీరు తడబడకుండా చెప్పగలరా? ఉత్పత్తి షెడ్యూలు ఎప్పుడూ వేయలేదని, ఫ్యాక్టరీ కెపాసిటీ లెక్కలు తనకి రావని ఆమే చెప్పింది. తీసేశాం. సప్లై ప్లానింగ్ టీమ్‌తో కలిసి పనిచేస్తాను అని రాసినా సెర్చ్‌కి ఆ మాట దొరుకుతుంది, చుట్టూ ఉన్న వాక్యం దానికి అక్కర్లేదు. అందుకే దాన్ని ఫ్యాక్టరీ టీమ్ అని మార్చాం.

అన్నిటికన్నా చిక్కుముడి IBP. ఈ మూడక్షరాలకి రెండు అర్థాలున్నాయి. ఒకటి ఇంటిగ్రేటెడ్ బిజినెస్ ప్లానింగ్ అనే ప్రాసెస్, ఎస్ అండ్ ఓపీకి అన్న లాంటిది, డబ్బు లెక్కలు కూడా కలుపుకుని నడుస్తుంది. రెండోది ఎస్‌ఏపీ వాళ్ల సాఫ్ట్‌వేర్. పాత ఏపీఓకి ఎస్‌ఏపీ మెయిన్‌స్ట్రీమ్ సపోర్ట్ 2027 చివరితో అయిపోతుంది, అందుకని చాలా కంపెనీలు ఐబీపీ సాఫ్ట్‌వేర్ వైపు జరుగుతున్నాయి, ఆ మాటకి గిరాకీ బాగా ఉంది. ఆవిడ ఆఫీసులో నెలవారీ మీటింగ్‌ని ఈమధ్యే ఐబీపీ మీటింగ్ అనడం మొదలుపెట్టారు. కాబట్టి సమ్మరీలో IBP అని రాస్తే అబద్ధం కాదు. కానీ ఆ మాటతో వెతికేవాళ్లలో సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్లు కావాల్సినవాళ్లూ ఉంటారు, ఆ సాఫ్ట్‌వేర్ మీద ఆవిడ చేసింది ఒక చిన్న కోర్సు మాత్రమే. "ఐబీపీ మీద పని చేయలేదు, నేర్చుకుంటున్నాను అని నిజాయితీగా రాసేద్దాం" అంది. నిజాయితీ మనిషికి అర్థమవుతుంది, సెర్చ్‌కి కాదు, చేయలేదు అని రాసినా ఆమె లిస్టులో పైకే వస్తుంది. చివరికి సమ్మరీలో ప్రాసెస్‌ని పూర్తి పేరుతో, పొట్టి అక్షరాలు లేకుండా రాశాం. కోర్సుని కోర్సుల దగ్గర కోర్సుగానే ఉంచాం. అక్కడి నుంచి ఎవరైనా పట్టుకున్నా, తెరవగానే అది కోర్సు అని కనిపిస్తుంది. ఏపీఓ మాత్రం మొదటి పేరాలోనే, ఎన్నేళ్లు వాడిందో చెబుతూ పెట్టాం. పైన చూపిన సెర్చ్‌లో మూడో వరుసకి అదొక్కటే చాలు.

ఫోర్‌కాస్ట్ ఎంత తప్పిందో చెప్పే మేప్ లాంటి కొలమానాల్ని రిక్రూటర్లు టైప్ చేయడం నేను పెద్దగా చూడలేదు. అయినా ఒక్కసారి ఉంచాను, ప్రొఫైల్ మేనేజర్ చేతికి వెళ్లినప్పుడు ఈమెకి పని తెలుసు అని అతనికి అనిపించేది అక్కడే.

మొదటి సారి ఎక్కడ ఆగింది

కామాల గుట్ట పోయింది. సమ్మరీ నాలుగు చిన్న పేరాలైంది. సమ్మరీకి 2,600 అక్షరాలు ఇస్తారు, అందులో సగం కూడా వాడలేదు. see more నొక్కకముందు కనిపించే మొదటి రెండు మూడు లైన్లలో పని పేరు, రంగం, ఏపీఓ వచ్చేశాయి. కొన్ని వారాలు ఆగి చూశాం. Search appearances అంకె నిజానికి కాస్త తగ్గింది, ఆవిడకి టెన్షన్ పట్టుకుంది. నాకు పట్టలేదు, ఎందుకంటే వెతికినవాళ్ల హోదాలు చూస్తే గోడౌన్ వైపు వాళ్లు, సాఫ్ట్‌వేర్ కన్సల్టింగ్ వాళ్లు తగ్గిపోయారు, వినియోగ వస్తువుల కంపెనీల రిక్రూటర్లు కనిపించడం మొదలైంది. అంకె తగ్గడం మనం కోరుకున్నదే.

కానీ మెసేజ్‌లు రాలేదు. కనిపిస్తోంది, ఎవరూ తెరవడం లేదు. తెలిసిన రిక్రూటర్ ఒకరిని అడిగి, ఆయన అకౌంట్‌లో పైనున్న సెర్చ్‌నే పెట్టించాను. మామూలు అకౌంట్లో వెతికి చూసుకుంటే సరిపోదు, మనకి కనిపించే ఫలితాలు వేరు, వాళ్లకి ఉండే ఫిల్టర్లు వేరు. ఆవిడ లిస్టులో ఉంది. ఆ లిస్టులో ఒక్కో మనిషికి దక్కేది చిన్న చోటు: పేరు, హెడ్‌లైన్, ప్రస్తుత ఉద్యోగం. ఆవిడ హెడ్‌లైన్‌లో బిజినెస్ ఎక్సలెన్స్, నిత్య విద్యార్థిని అని ఉంది. ఆయన కళ్లు ఒక్క క్షణం కూడా ఆగకుండా కిందికి వెళ్లిపోయాయి. పైపెచ్చు ప్రస్తుత హోదా ఫిల్టర్‌లో డిమాండ్ ప్లానర్ అని ఎంచుకోగానే ఆమె లిస్టులోంచే మాయమైంది. ఆ ఫిల్టర్ చూసేది హోదా గడిని, సమ్మరీలో ఏమున్నా దానికి పట్టదు.

పనిచేసింది

హెడ్‌లైన్ మార్చడం తేలిక. 220 అక్షరాల్లో మొదటి మాటే డిమాండ్ ప్లానర్, తర్వాత ఎస్ అండ్ ఓపీ, ఏపీఓ, ఎఫ్‌ఎంసీజీ. ఫోన్‌లో చివరి భాగం తెగిపోతుంది కాబట్టి ముఖ్యమైనవి ముందుకి తెచ్చాం.

హోదా గడి దగ్గర జాగ్రత్త పడ్డాం. చాలామంది అక్కడ నేరుగా మార్కెట్ పేరు పెట్టేస్తారు. రేపు కొత్త కంపెనీ వెరిఫికేషన్‌లో పాత కంపెనీ లెటర్ మీద వేరే హోదా కనిపిస్తే, నిజంగా ఆ పనే చేసినా సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది, ఒక్కోసారి ఆఫరే ఆగిపోతుంది. అందుకని కంపెనీ ఇచ్చిన హోదాని అక్షరం మార్చకుండా ముందుంచి, గీత పెట్టి, డిమాండ్ ప్లానింగ్ అని పక్కన చేర్చాం. లెటర్‌తో గొడవ లేదు, ఫిల్టర్‌కి మాట దొరికే అవకాశమూ ఉంది. అవకాశం అంటున్నాను, గ్యారంటీ అనడం లేదు, ఎందుకంటే ఇలాంటి గడుల్ని లింక్డిన్ తన దగ్గరున్న హోదాల పట్టికతో పోల్చుకుంటుంది, వింత పేర్లని ఎటు వేస్తుందో బయటివాళ్లకి తెలియదు. అదే రిక్రూటర్ మళ్లీ వెతికినప్పుడు ఆమె హోదా ఫిల్టర్‌తో కూడా వచ్చింది.

మూడోది, ఉద్యోగం వెతుకుతున్నానని తెలిపే Open to work. అందులో ఐదు హోదాల దాకా ఇవ్వొచ్చు, రిక్రూటర్లకి మాత్రమే కనిపించేలా పెట్టుకోవచ్చు. సొంత కంపెనీ రిక్రూటర్లకి కనిపించకుండా చూస్తామని లింక్డిన్ అంటుంది, పూర్తి హామీ మాత్రం ఇవ్వదు. ఆఫీసులో తెలిస్తే ఆవిడకి ఇబ్బంది, కాబట్టి ఆ ఒక్క నిర్ణయం పూర్తిగా ఆమెకే వదిలేశాను. ఆలోచించుకుని పెట్టుకుంది, మూడు హోదాలే ఇచ్చింది.

ఆ తర్వాత వచ్చిన మెసేజ్‌లు ఎక్కువేం కాదు. కానీ దాదాపు ప్రతి మెసేజ్ మొదటి లైన్‌లోనే డిమాండ్ ప్లానింగ్ అని ఉంది. ఒక రిక్రూటర్ అయితే ఏపీఓ నుంచి ఐబీపీకి మారుతున్న కంపెనీ కోసం వెతుకుతూ ఈమెని పట్టుకున్నాడు, వాళ్లకి పాత వ్యవస్థ తెలిసిన మనిషే కావాలి. కోర్సు సంగతి ఆవిడే ముందు చెప్పేసింది, అది ఇబ్బంది కాలేదు. చివరికి చేరింది అక్కడే.

నేను రాసిపెట్టుకున్నవి

సమ్మరీ మార్చేముందు, అప్లై చేసిన చోట ఏం జరుగుతోందో అడగడం. ప్రొఫైల్‌లో ప్రతి నామవాచకాన్నీ NOT వరుసలో పెట్టి కూడా చూడటం, ఎందుకంటే మంచి ఉద్దేశంతో రాసిన మాట కూడా బయటికి నెట్టగలదు. రెండు అర్థాలున్న పొట్టి పేరు ఉంటే పూర్తి పేరు వాడటం. Search appearances అంకెని వెతికినవాళ్ల హోదాలతో కలిపి తప్ప విడిగా చూడకపోవడం. సమ్మరీ సరిపోయాక హెడ్‌లైన్, హోదా గడి కూడా అదే మాటలు పలుకుతున్నాయో లేదో రిక్రూటర్ అకౌంట్ నుంచి చూడటం.

ఇది అందరికీ ఇలాగే కుదరదు. ఆవిడ పనికి బయట స్థిరపడిన పేరుంది, కాబట్టి పని సులువైంది. రెండు మూడు పనులు కలిపి చేసేవాళ్ల దగ్గర, లేదా ఇంకా పేరే కుదరని కొత్త రకం పనుల దగ్గర, ప్రకటనల్లోనే మాటలు కలవవు. అప్పుడు గీత పెట్టడానికి ఏమీ మిగలదు, ఏదో ఒక దారి ఎంచుకుని మిగతావి వదులుకోవాలి.

కొత్త కంపెనీ ఆమెకిచ్చిన హోదా ప్లానింగ్ లీడ్. ఏం ప్లానింగో అందులో లేదు. చేరిన వారంలోనే గీత పెట్టి డిమాండ్ ప్లానింగ్ చేర్చుకుని, Open to work తీసేసి, నాకు స్క్రీన్‌షాట్ పంపింది. IBP మాత్రం ఇంకా సమ్మరీలో పెట్టలేదు. కనీసం రెండు మూడు నెలల ప్లాన్‌లు దాని మీద నడిపాక పెడతానంది.